బొటనవేలు ఆగే చోటు

ఫేస్‌బుక్‌లో ఫొటోతో పెట్టిన పొడవాటి పోస్టు ఫోనులో ముందుగా మూడు లైన్లే కనిపిస్తుంది. ఆ తర్వాత See more అనే మాట అడ్డుపడుతుంది. మూడు లైన్లంటే తెలుగులో పన్నెండు నుంచి పదిహేను మాటలు. మిగతా పోస్టు రెండు పేరాలైనా ఇరవై పేరాలైనా ఆ మాటను వేలితో తాకినవాళ్లకే దక్కుతుంది. మనం రాసే పోస్టులు చాలావాటిలో ఆ పదిహేను మాటలూ నమస్కారానికీ, కాలం ఎలా మారిందో చెప్పడానికీ, అందరికీ తెలిసిన సంగతిని మళ్లీ చెప్పడానికీ ఖర్చయిపోతాయి. అసలు సంగతి See more వెనక ఉండిపోతుంది. అది ఎవరికి కావాలో వాళ్లు దాన్ని చూడకుండానే కిందికి వెళ్లిపోతారు.

ఇది రాయడం చేతకాక వచ్చే ఇబ్బంది కాదు. బాగా రాసేవాళ్ల పోస్టులు కూడా ఇలాగే మరుగునపడతాయి. కారణాల్లో కొన్ని ఫోను తెరలో ఉన్నాయి, కొన్ని మన అలవాట్లలో ఉన్నాయి, ఒకటి మాత్రం తెలుగు వాక్యం నడిచే తీరులోనే ఉంది. ఒక మామిడిపండ్ల పోస్టును ఉదాహరణగా తీసుకుని వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండు సెకన్లు కూడా నిండవు

ఫీడ్‌ను కిందికి జరుపుతున్నప్పుడు కన్ను ముందుగా ఫొటో మీద పడుతుంది. తర్వాత రాసినవాళ్ల పేరు మీద, ఆ తర్వాత మొదటి మాటల మీద. బొటనవేలు ఈలోపే తర్వాతి పోస్టు వైపు కదులుతూ ఉంటుంది. ఫోనులో ఒక్కో పోస్టు దగ్గర జనం సగటున 1.7 సెకన్లు మాత్రమే ఉంటున్నారని ఫేస్‌బుక్ సంస్థే ఒకప్పుడు చెప్పింది. ఫొటో చూడటానికి పోయింది పోగా అంత వ్యవధిలో ఐదారు మాటలు చదివితే ఎక్కువ. ఆ ఐదారు మాటల్లో ‘ఇది నాకు పనికొచ్చేదేనా’ అన్న ప్రశ్నకు జవాబు దొరికితే వేలు ఆగుతుంది. మిగతా పది మాటలు చదివాక See more తాకాలా వద్దా అన్నది తేలుతుంది. అంటే మొదటి లైనుకు రెండు పరీక్షలున్నాయి: మొదటి ఐదారు మాటలతో వేలు ఆగాలి, ఆగిన వేలు పదిహేనో మాట అయ్యేసరికి See more మీద పడాలి.

ఈ మూడు లైన్ల కొలత మొదటి నుంచీ ఉన్నది కాదు. పేజీలూ ప్రకటనదారులూ పెట్టే పోస్టుల్లో ఫోను మీద ఏడు లైన్లు కనిపించేవి. 2019 ఆగస్టులో ఫేస్‌బుక్ దాన్ని మూడుకు కుదించింది. ఏడు లైన్లు ఉన్న రోజుల్లో రెండు లైన్ల మర్యాదవాక్యం రాసినా అసలు సంగతికి చోటు మిగిలేది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద ఒకటి రెండు లైన్లకే మాట తెగిపోతుంది. ఫోను రకాన్ని బట్టి, అక్షరాల సైజును బట్టి ఈ కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది. పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుని చూస్తారు కాబట్టి వాళ్లకు కనిపించే మాటలు ఇంకా తక్కువ.

దాటిపోయినవాళ్లు చదవలేదన్న నష్టంతో ఇది ఆగదు. ఎవరు ఏ పోస్టు దగ్గర ఎంతసేపు ఆగారన్నది కూడా లెక్కలోకి తీసుకుని ఫీడ్‌లో వరస నిర్ణయిస్తామని ఫేస్‌బుక్ 2015 జూన్‌లో ప్రకటించింది. లైకు కొట్టకపోయినా, కామెంటు పెట్టకపోయినా ఆగి చదవడం ఆ పోస్టుకు మేలు చేస్తుంది. మొదట చూసినవాళ్లలో ఎక్కువమంది ఆగకుండా వెళ్లిపోతే ఆ మేలు దానికి అందదు. మొదటి లైను బలహీనంగా ఉన్న పోస్టు ఎదుటికి వచ్చినవాళ్లను పోగొట్టుకోవడమే కాక, ఎదుటికి రావాల్సినవాళ్లను కూడా పోగొట్టుకునే వీలుంది.

మామిడిపండ్ల పోస్టు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. నూజివీడు దగ్గర వాళ్ల నాన్నకు మామిడితోట ఉంది. ఈ ఏడు కాయను మండీకి తోలకుండా, గడ్డిలో మాగబెట్టి, నేరుగా కూకట్‌పల్లిలోని అపార్టుమెంట్లవాళ్లకు అమ్మాలనుకున్నారు. పెట్టెకు ఐదు కిలోలు. శనివారం పొద్దున బండి వస్తుంది. ముందు చెప్పినవాళ్లకే పెట్టెలు. ఇతను ఫేస్‌బుక్‌లో పోస్టు రాయడానికి కూర్చున్నాడు. అది ఇలా మొదలైంది:

‘అందరికీ నమస్కారం. ఎండాకాలం అనగానే మనందరికీ ముందుగా గుర్తొచ్చేది పండ్లలో రాజైన మామిడి. మన తెలుగువాళ్లకీ మామిడికీ ఉన్న అనుబంధం ఈనాటిది కాదు.’

దాని తర్వాత ఈ రోజుల్లో కల్తీ ఎంత పెరిగిందో ఒక పేరా, చిన్నప్పుడు తోటలో గడిపిన వేసవి సెలవుల గురించి మరో పేరా. మూడో పేరాలో తోట ఎక్కడుందో వస్తుంది. ధర, శనివారం, కూకట్‌పల్లి, ఫోన్ నంబరు ఐదో పేరాలో ఉన్నాయి.

పదిహేనో మాట దగ్గర కత్తిరిస్తే ఈ పోస్టు ‘ఉన్న అనుబంధం’ దగ్గర తెగుతుంది. అప్పటిదాకా చదివిన మనిషికి తెలిసిందేమిటి? ఎవరో మామిడిపండ్ల గురించి ఏదో రాశారు. వ్యాసమా, కవితా, జ్ఞాపకమా, అమ్మకమా? చెప్పలేం. ఇందులో ఒక్క ముక్క కూడా ఈ కుర్రాడికే తెలిసినది కాదు. ఈ వాక్యాలు వేసవిలో మామిడి మీద ఎవరు రాసినా వాడుకోవచ్చు. బలహీనమైన ఆరంభాన్ని గుర్తుపట్టడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే: ఆ లైనును ఎత్తుకెళ్లి అదే విషయం మీద మరొకరి పోస్టుకు తగిలించినా తేడా తెలియకపోతే, అది ఆ పోస్టుకు మొదటి లైను కాదు.

ఇలాంటి ఆరంభం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుంటే వదులుకోవడం తేలిక. సభలో వక్త లేవగానే వేదిక మీది పెద్దలకు, ముందున్న శ్రోతలకు నమస్కారం చెబుతాడు. ఉత్తరాల రోజుల్లో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టేవాళ్లం. బళ్లో వ్యాసం రాయించేటప్పుడు ముందు ఉపోద్ఘాతం ఉండాలని నేర్పారు. ఈ మూడుచోట్లా ఎదుటి మనిషి అప్పటికే మన చేతిలో ఉన్నాడు. సభకు వచ్చినవాడు కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తరం అందుకున్నవాడు కవరు చించాడు. మాస్టారు మార్కులు వేయాలి కాబట్టి చివరిదాకా చదువుతాడు. పోస్టు చదివే మనిషి ఇంకా రాలేదు. రాని మనిషికి నమస్కారం పెడుతూ కూర్చుంటే అతను వచ్చే దారి మూసుకుపోతుంది. నమస్కారం తప్పని కాదు. అది ఫోన్ నంబరు పక్కన, పోస్టు చివర ఉన్నా మర్యాదకు లోటు రాదు.

కింది పేరాలో దొరికిన లైను

మొదటి లైను కొత్తగా పుట్టించాలని కూర్చుంటే గంటలు గడుస్తాయి. సాధారణంగా అది రాసినదాంట్లోనే ఎక్కడో ఉంటుంది. పత్రికల డెస్కులో పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ పని. విలేకరి పంపిన వార్తలో సమావేశం ఎక్కడ జరిగింది, ఎవరు అధ్యక్షత వహించారు, ఎవరెవరు మాట్లాడారు అన్నవన్నీ అయ్యాక చివరి పేరాలో అసలు నిర్ణయం ఉంటుంది. సబ్ ఎడిటర్ ఆ చివరి పేరాను ఎత్తి పైన పెట్టి, దాన్నే ఇంట్రో చేస్తాడు. విలేకరి తెలివితక్కువవాడు కాదు, జరిగిన వరసలో రాశాడంతే. మన పోస్టుల్లోనూ అదే జరుగుతుంది. రాయడం మొదలుపెట్టినప్పుడు చెయ్యి వేడెక్కడానికి రెండు మూడు వాక్యాలు పడతాయి. ఆ తర్వాతే అసలు సంగతి దొరుకుతుంది. రాసేటప్పుడు ఆ వాక్యాలు ఉండనివ్వాలి. పెట్టేముందు తీసేయాలి.

మామిడి పోస్టును ఈ కంటితో చదివితే ఈ కుర్రాడికి మాత్రమే చెందిన ముక్కలు నాలుగు కనిపిస్తాయి: సొంత తోట, గడ్డిలో మాగబెట్టడం, శనివారం, కూకట్‌పల్లి. వీటిలో ‘సొంత తోట’, ‘గడ్డి’ నమ్మకం కలిగిస్తాయి. ‘శనివారం’, ‘కూకట్‌పల్లి’ అది ఎవరికి పనికొస్తుందో చెబుతాయి. మియాపూర్‌లో ఉన్న మనిషి కూకట్‌పల్లి అన్న మాట దగ్గర ఆగుతాడు, వరంగల్‌లో ఉన్న మనిషి దాటిపోతాడు. రెండూ మంచివే.

అయితే ఈ నాలుగింటినీ వాక్యంలో పేర్చేటప్పుడు తెలుగు రాసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటి వస్తుంది. ఇతను రెండోసారి రాసిన ఆరంభం చూడండి:

‘గత ఇరవై ఏళ్లుగా మా నాన్నగారు రసాయనాలు వాడకుండా ఎంతో శ్రమకోర్చి కాపాడుకుంటూ వస్తున్న నూజివీడు తోటలో పండిన బంగినపల్లి మామిడిపండ్లను ఈ శనివారం కూకట్‌పల్లికి తీసుకొస్తున్నాం.’

ఇందులో ఊకదంపుడు లేదు, ఉన్నవన్నీ అసలు సంగతులే. కానీ మాటలు లెక్కపెట్టండి. ‘బంగినపల్లి’ పదిహేనో మాట. శనివారం, కూకట్‌పల్లి, తీసుకొస్తున్నాం అన్నవి దాని తర్వాత వస్తాయి. See more దగ్గర కోత పడితే కనబడేది నాన్నగారి శ్రమ, తోట ఉన్న ఊరు, చివర్లో తెగిన ఒక పండు పేరు. తెలుగులో విశేషణం ఎంత పొడవున్నా నామవాచకానికి ముందే రావాలి, క్రియ చివరికి పోవాలి. దేని గురించి అన్నదీ, ఏం జరిగింది అన్నదీ రెండూ వాక్యం తోక దగ్గరికి చేరతాయి. పుస్తకంలో అయితే పాఠకుడు తోకదాకా వస్తాడు. ఫోను తెర ఆ తోకనే కోసేస్తుంది.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి మాటలను ముందుకూ వెనక్కీ జరపగలం. విశేషణంగా ముందు వేలాడుతున్న పొడవాటి ముక్కను విడదీసి రెండో వాక్యం చేయవచ్చు. క్రియ అవసరం లేని వాక్యాలూ ఉన్నాయి. ‘తోట నూజివీడు దగ్గర’ అన్నది సంపూర్ణమైన తెలుగు వాక్యమే. ఈ వెసులుబాట్లు వాడుకుంటే ఆ వాక్యం ఇలా అవుతుంది:

‘బంగినపల్లి పండ్లు ఈ శనివారం కూకట్‌పల్లికి తెస్తున్నాం. తోట మాదే, నూజివీడు దగ్గర. ఇరవై ఏళ్లుగా నాన్న మందులు కొట్టకుండా పెంచుతున్నారు.’

సంగతులు అవే. ఒక్క కొత్త విషయం కూడా చేర్చలేదు. కానీ మొదటి ఐదు మాటల్లోనే పండు, రోజు, ఊరు మూడూ వచ్చేశాయి. ఎక్కడ కోసినా అప్పటిదాకా చదివింది అర్థమవుతుంది. తెలుగులో మొదటి లైనుకు ఇది గట్టి పరీక్ష: ఎనిమిదో మాట దగ్గర తెగినా, పన్నెండో మాట దగ్గర తెగినా కనబడుతున్న ముక్కకు అర్థం మిగలాలి.

‘లేదు’ దాగిపోతే

క్రియ చివర ఉండటం వల్ల ఇంకో ప్రమాదం ఉంది. కాదు, లేదు, వద్దు అన్న మాటలు కూడా చివరే వస్తాయి. వానల రోజుల్లో ఒక బడి ఇలా పోస్టు పెట్టిందనుకోండి: ‘భారీ వర్షాల కారణంగా రేపు మా పాఠశాలకు సెలవు ప్రకటించినట్టు నిన్న సాయంత్రం నుంచి కొన్ని గ్రూపుల్లో తిరుగుతున్న సమాచారంలో ఎలాంటి నిజం లేదు.’ తెర మీద తెగిన ముక్కలో ‘రేపు మా పాఠశాలకు సెలవు ప్రకటించినట్టు’ అన్నది కనిపిస్తుంది, ‘నిజం లేదు’ అన్నది కనిపించదు. బడి పేరుతో, బడి ముద్రతో సెలవు వార్త! పుకారును ఖండించబోయి బడి తానే దాన్ని పంచినట్టయింది. హడావుడిగా చూసిన తల్లిదండ్రులు పిల్లలకు టిఫిన్ బాక్సు సర్దరు.

ఇక్కడ చేయాల్సింది ఖండనను అవునన్న వాక్యంగా తిప్పి చెప్పడం. ‘రేపు బడి ఉంది. సెలవని తిరుగుతున్న మెసేజి తప్పు.’ మొదటి మూడు మాటలతోనే పని పూర్తయింది. పుకారును ఖండించే ఏ పోస్టుకైనా ఇదే పద్ధతి. ముందు నిజం ఏమిటో చెప్పాలి. అబద్ధాన్ని ప్రస్తావించాల్సి వస్తే తర్వాత ప్రస్తావించాలి.

గాలం వేసే లైన్లు

బలహీనమైన ఆరంభం దాటిపోతుందని తెలిసినవాళ్లలో కొందరు దీనికి పూర్తిగా అవతలి కొసకు వెళతారు. మన కుర్రాడికి స్నేహితుడొకడు ఇచ్చిన సలహా ఇది: ‘ఈ నిజం తెలిస్తే జీవితంలో మళ్లీ మామిడిపండు కొనరు!’ వేలు ఆగుతుంది, సందేహం లేదు. See more కూడా తాకుతారు. తాకాక అక్కడ కనిపించేది మామిడిపండ్లు కొనమని అడిగే పోస్టు. కోపం వస్తుంది. భయంతో ఆగిన మనిషి కొనడానికి ఆగిన మనిషి కాదు. వందమంది ఆగి, ఇద్దరే కొని, ఎనిమిదిమంది ఇతని పోస్టులు ఇక కనిపించకుండా చేసుకుంటే ఆ లైను పోస్టును ముంచినట్టే.

కంపెనీలూ ఇలాంటివాటి మీద కన్నేశాయి. సంగతి దాచిపెట్టి ఊరించే శీర్షికలను ఫీడ్‌లో తగ్గిస్తామని ఫేస్‌బుక్ 2014 ఆగస్టులో చెప్పింది. రెండేళ్ల తర్వాత, 2016లో, సమాచారం దాచడం, ఉన్నదాన్ని అతిగా చూపడం అనే రెండు లక్షణాలను బట్టి అలాంటి శీర్షికలను పట్టుకునే ఏర్పాటు చేసింది. ‘అవునంటే లైక్ చేయండి’, ‘మీ ఫ్రెండ్‌ను ట్యాగ్ చేయండి’ అని అడుక్కునే పోస్టులను కిందికి తోస్తామని 2017 డిసెంబరులో ప్రకటించింది. అయినా ఆ లైన్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూసీ చూసీ ఒకే రకం పోస్టని పాఠకుల కళ్లు గుర్తుపట్టేశాయి.

ప్రశ్నతో మొదలుపెట్టడం గాలానికి కాస్త మర్యాదైన రూపం. ‘మీరు తింటున్న మామిడిపండు సురక్షితమేనా?’ చదివినవాడు మనసులో ‘ఏమో’ అనుకుని వెళ్లిపోతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇతని దగ్గరే దొరుకుతుందన్న సూచన అందులో లేదు. ప్రశ్న పనిచేయాలంటే అది పాఠకుడు అప్పటికే తనలో తాను అడుగుకుంటున్నదై ఉండాలి. పండు కొని ఇంటికొచ్చి కోశాక లోపల పుల్లగా, తెల్లగా ఉంటే ‘పైకి పసుపు, లోపల పులుపు. ఎందుకు?’ అన్న ప్రశ్న ఆ మనిషికి తగులుతుంది. అది అతని వంటింట్లో పుట్టిన ప్రశ్న.

ఆ చివరి ప్రశ్నలో ఈ పోస్టుకు ఇంకో బలం దొరికింది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. అయినా వాడేవాళ్లు వాడుతున్నారు. అలా మాగిన కాయ తొక్క త్వరగా ఒకే రంగుకు తిరుగుతుంది, లోపలి కండ మాత్రం పూర్తిగా పండదు, వాసన అంతగా రాదు. గడ్డిలో మాగిన పండు తొడిమ దగ్గర ముక్కు పెడితే వాసన తెలుస్తుంది. తోటవాళ్లకు మామూలుగా తెలిసిన ఈ సంగతి అపార్టుమెంటు మనిషికి పండు కొనకపోయినా పనికొస్తుంది. కుర్రాడు మూడోసారి రాసిన ఆరంభం ఇది:

‘మా తోట బంగినపల్లి గడ్డిలో మాగుతోంది, శనివారానికి కూకట్‌పల్లి వస్తుంది. కార్బైడ్ పండును వాసనతో పట్టుకోవడం ఎలాగో కింద రాశాను.’

పదిహేను మాటలు. మొదటి ఐదు మాటలతో సంగతి తెలిసింది. ఎనిమిదో మాటకు ఎవరికి పనికొస్తుందో తేలింది. పదిహేనో మాట See more తాకడానికి కారణం ఇచ్చింది. ‘కింద రాశాను’ అని మాట ఇచ్చాడు కాబట్టి రెండో పేరాలోనే ఆ వాసన సంగతి ఉండాలి. మొదటి లైను ఇచ్చిన మాటను పోస్టు వెంటనే నిలబెట్టుకోకపోతే ఇది కూడా గాలమే అవుతుంది.

వాట్సాప్‌లో కొలత వేరు

ఇదే పోస్టును అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెడితే పదిహేను మాటల లెక్క పనిచేయదు. అక్కడ చాట్ల వరసలో గ్రూపు పేరు కింద ఒక్క లైనే కనిపిస్తుంది. అందులోనూ ముందు పంపినవాళ్ల పేరు ఉంటుంది. తెలుగులో మూడు నాలుగు మాటలు పడితే గొప్ప. ‘అందరికీ నమస్కారం, గ్రూపు సభ్యులకు’ అని మొదలైన మెసేజికి అక్కడ దక్కేది ఆ నమస్కారమే. అక్కడ తోట కథకూ చోటు లేదు. ‘బంగినపల్లి పెట్టెలు శనివారం’ చాలు. గ్రూపులో ఉన్నవాళ్లంతా ఒకే అపార్టుమెంటువాళ్లు కాబట్టి కూకట్‌పల్లి అని చెప్పాల్సిన పని కూడా లేదు. ఎక్కడ ఎవరు చదువుతున్నారన్నది మారితే మొదటి లైనూ మారాలి. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్నే కాపీ చేసి గ్రూపులో అంటించేవాళ్లు ఈ సంగతి మరచిపోతుంటారు.

చోటు విషయంలో తెలుగుకు ఉన్న మరో ఇబ్బంది అక్షరాల లెక్క. ఎస్సెమ్మెస్ ఇంగ్లిషులో 160 అక్షరాలదాకా ఒకే మెసేజిగా పోతుంది, తెలుగులో 70కే నిండిపోతుంది. పైగా గుణింతాన్నీ వత్తునూ మెషిను విడివిడిగా లెక్కిస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. లెక్కలో ఆరు. ఎక్స్‌లో 280 అక్షరాల పరిమితికి కూడా తెలుగును ఇలాగే కొలుస్తారు. అందుకే తెలుగులో చిన్న మాట దొరికినప్పుడు పెద్ద మాట వాడితే రెండింతలు ఖర్చవుతుంది. ‘విక్రయిస్తున్నాము’ బదులు ‘అమ్ముతున్నాం’, ‘సంప్రదించగలరు’ బదులు ‘ఫోన్ చేయండి’ అంటే చోటు కలిసివస్తుంది, చదివేవాడికి శ్రమ తగ్గుతుంది.

వాట్సాప్‌లో మొదటి లైనుకు ఇంకో బాధ్యత ఉంది. అక్కడి మెసేజి రాసినవాళ్ల చేతిలోంచి జారి, ఎవరెవరి చేతుల మీదుగానో తిరుగుతుంది. రక్తం కావాలని వచ్చే మెసేజిలు దీనికి మంచి ఉదాహరణ. ‘అర్జెంట్! దయచేసి అందరూ షేర్ చేయండి, ఒక ప్రాణం కాపాడండి’ అని మొదలయ్యే మెసేజి చూడగానే అందరూ షేర్ చేస్తారు. రక్తం ఇవ్వగలిగినవాడు మాత్రం అందులో తన గ్రూపు ఉందో లేదో చూడకుండానే దాటిపోతాడు. ఆరు నెలల తర్వాత కూడా ఆ మెసేజి తిరుగుతూనే ఉంటుంది, రోగి బంధువుల ఫోను మోగుతూనే ఉంటుంది. ‘ఈ రోజు’, ‘రేపు ఉదయం’ అన్న మాటలకు ఫార్వర్డులో అర్థం ఉండదు. అందుకని మొదటి లైనులో రక్తం గ్రూపు, ఊరు, తేదీ ఉండాలి. ‘ఓ నెగెటివ్ రక్తం, విజయవాడ, మే 12 సాయంత్రంలోపు’ అని మొదలుపెడితే ఆ గ్రూపు రక్తం ఉన్నవాడు ఆగుతాడు. పదమూడో తేదీన చూసినవాడు పంపడం ఆపుతాడు. షేర్ చేయమని అడగాలంటే చివర అడగవచ్చు.

దాటిపోయారని తెలిసేదెలా

పేజీ నడిపేవాళ్లకు పోస్టు ఎంతమందికి చేరిందో, ఎంతమంది స్పందించారో అంకెలు కనిపిస్తాయి. సొంత ఖాతాలో రాసేవాళ్లకు అంత వివరం ఉండదు. వాళ్లకు కామెంట్లే ఆధారం. పోస్టులో ధర రాసి ఉన్నా కింద ‘రేటెంత?’, ఊరు రాసి ఉన్నా ‘ఎక్కడండీ?’ అని అడుగుతున్నారంటే వాళ్లు See more తాకలేదు. ఇలాంటి ప్రశ్నలు ఎక్కువ వస్తే విసుక్కోవడం కంటే, వాళ్లు అడుగుతున్న సంగతినే ఎత్తి మొదటి లైనులో పెట్టడం మంచిది. ఏది పైన ఉండాలో పాఠకులే చెబుతున్నారు. కింద వరసగా ‘సూపర్ అన్నా’, ‘నైస్ పిక్’ అని మాత్రమే వచ్చాయంటే ఫొటో చూసి వెళ్లారని అర్థం.

పెట్టేముందు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. మొదటి పదిహేను మాటలు మాత్రమే రాసి, విషయం తెలియని ఇంట్లోవాళ్లకు ఫోను చేతికిచ్చి రెండు క్షణాలకు వెనక్కి తీసుకోవాలి. ‘ఇది దేని గురించి? ఎవరికి పనికొస్తుంది?’ అని అడగాలి. ‘బాగుందా?’ అని అడగకూడదు. బాగుందనే అంటారు. రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు వస్తే పోస్టు చేయవచ్చు. ‘మామిడిపండ్ల గురించి ఏదో’ అన్నారంటే మొదటి లైను మళ్లీ రాయాలి.

మొదటి లైను చేయలేని పనులూ ఉన్నాయి. ఫీడ్‌లో అసలు ఎదుటికే రాని పోస్టును అది కాపాడలేదు. మసకగా తీసిన ఫొటో కన్నును ముందే తరిమేస్తే ఆ తర్వాత ఏం రాసినా చదవరు. ఎప్పటినుంచో ఇష్టంగా చదివే రచయిత తీరిగ్గా వానతో మొదలుపెట్టినా పాఠకులు ఆగుతారు. అక్కడ ఆపింది ఆయన పేరు, లైను కాదు. చనిపోయినవాళ్ల గురించి, ఇంట్లో జరిగిన కష్టం గురించి రాసే పోస్టులో వేలు ఆపాలన్న ఆలోచనే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ కొలతలు అక్కడికి తీసుకెళ్లకూడదు. ఎవరు, ఎప్పుడు, అంత్యక్రియలు ఎక్కడ అన్నవి తెలిస్తే చాలు.

అమ్మకమైనా, విన్నపమైనా, తెలిసిన సంగతి పంచడమైనా మొదటి లైను ఎంత బాగుందో లైకులతో కొలిస్తే లెక్క తప్పుతుంది. మామిడితో మన అనుబంధం గురించి రాసిన మొదటి పోస్టుకు స్నేహితులూ బంధువులూ మొహమాటానికి లైకులు కొడతారు. మూడోసారి రాసినదానికి అంతకంటే తక్కువే రావచ్చు. ఎందుకంటే కూకట్‌పల్లి దగ్గరలో లేనివాళ్లు, పండ్లు అక్కరలేనివాళ్లు ఎనిమిదో మాటకే దాటిపోతారు. వాళ్లను దాటిపోనివ్వడం కూడా ఆ లైను పనే. వాళ్ల సమయం పోలేదు, ఇతనికీ నష్టం లేదు. ఇతను చూసుకోవాల్సింది శనివారం పొద్దున బండి ఖాళీ అయ్యిందా, ‘రేటెంత?’ అని అడిగినవాళ్లు తగ్గి ‘రెండు పెట్టెలు ఉంచండి’ అన్నవాళ్లు పెరిగారా అన్నది మాత్రమే.